బాండు పేపరు ఏ దెబ్బ దాకా కాస్తుంది?

"ఇద్దరు మేజర్లు ఇష్టపడి, వంద రూపాయల బాండు మీద సంతకాలు చేసి కొట్టుకుంటే పోలీసులకు ఏం పని లేదు. కబడ్డీలో కాలిరిగితే కేసు పెడుతున్నారా? ఆపరేషన్‌కు సంతకం పెట్టినంక పేషెంటు చచ్చిపోతే డాక్టర్‌ను జైల్ల ఏస్తున్నారా? ఒప్పుకున్నంక నేరం లేదు, చట్టంలనే ఉంది. అందరికీ పంపండి."

చట్టంలో ఉన్న మాట నిజమే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ అది. అంతకుముందు ఐపీసీలో 87గా ఉండేది. కానీ ఈ మెసేజ్ రాసినవాళ్లు ఆ సెక్షన్‌లో సగం చదివి ఆగారు. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి ఒప్పుకుంటే అతనికి తగిలిన దెబ్బ నేరం కాదు అన్నది మొదటి సగం. చావు గాని, తీవ్ర గాయం గాని చేయాలన్న ఉద్దేశం కొట్టినవాడికి ఉండకూడదు, అలాంటిది జరిగే అవకాశం ఉందని అతనికి తెలిసి ఉండకూడదు అన్నది రెండో సగం. కేసు నిలిచేదీ పోయేదీ ఈ రెండో సగం మీదనే.

తీవ్ర గాయం అంటే రక్తం ఎంత కారింది, ఎన్ని కుట్లు పడ్డాయి అని కాదు. 116వ సెక్షన్ ఎనిమిది రకాలు చెప్పింది. కన్ను పోవడం, చెవి పోవడం, అవయవం పనికిరాకుండా పోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం లాంటివి అందరూ ఊహిస్తారు. ఊహించనివి చివరి రెండు. ఎముక గాని పన్ను గాని విరిగినా, పక్కకు తప్పినా అది తీవ్ర గాయమే. ప్రాణం మీదికి వచ్చిన దెబ్బ, లేదా పదిహేను రోజులు తీవ్రమైన నొప్పి పెట్టిన లేదా రోజువారీ పని చేసుకోనీయని దెబ్బ కూడా అంతే. పాత చట్టంలో ఇరవై రోజులుండేది, కొత్తదాంట్లో పదిహేనుకు తగ్గించారు. అంటే నెత్తి పగిలి ఆరు కుట్లు పడ్డా అది మామూలు గాయంగానే ఉండిపోవచ్చు, ముందుపన్ను ఒక్కటి విరిగితే తీవ్ర గాయం అవుతుంది.

ఇప్పుడు హాలియా పక్కన ఒక ఊరిని అనుకుందాం. ఇరవై రెండేళ్లవాడు ఒకడు, ఇరవై నాలుగేళ్లవాడు ఒకడు, బండి అప్పు దగ్గర లొల్లి. పెద్దమనుషుల దగ్గర తెగలేదు. "ఏమైనా కేసు పెట్టుకోం" అని బాండు రాసుకొని, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, ఆదివారం సాయంత్రం చెరువు కట్ట మీద కలబడ్డారు. చుట్టూ ముప్పై మంది జనం. ఐదు నిమిషాల్లో చిన్నవాడి పైవరుస పన్ను విరిగింది, పెద్దవాడి కంటి కింద వాచింది.

సర్కారు దవాఖానలో కొట్లాట దెబ్బ అని చెప్పగానే డాక్టర్ మెడికో లీగల్ కేసుగా రాసుకొని ఠాణాకు సమాచారం పంపుతాడు. బాండు ఉందా లేదా అన్నది అక్కడ ఎవరూ అడగరు. పంటి డాక్టర్ చూసి, ఎక్స్‌రే తీసి, విరిగిందని రాస్తే గాయాల సర్టిఫికెట్‌లో "గ్రీవియస్" అని పడుతుంది. దాంతో పెద్దవాడి మీద 117(2) వస్తుంది. గరిష్ఠం ఏడేళ్ల జైలు, జరిమానా. పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టగల నేరం. చిన్నవాడి మీద పడేది 115(2), మామూలు గాయం, ఏడాది లోపు జైలు లేదా పదివేల లోపు జరిమానా, లేదా రెండూ. ఇది ఒక్కటే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. మన దగ్గర "చిన్న దెబ్బలకు ఠాణాల కేసు తీసుకోరు" అనే మాట పుట్టింది ఇక్కడి నుంచే కావచ్చు.

కోర్టులో పెద్దవాడి వకీలు 25వ సెక్షన్ ఎత్తుతాడు. అప్పుడు అసలు ప్రశ్న పన్ను విరిగిందా అన్నది కాదు, విరిగే అవకాశం ఉందని వాడికి తెలుసా అన్నది. పిడికిలి బిగించి నోటి మీద నాలుగుసార్లు గుద్దినవాడు "పన్ను విరుగుతదని అనుకోలే" అంటే నమ్మేవాళ్లు తక్కువ. పట్టుపట్టి పెనుగులాడుతుంటే ఇద్దరూ కింద పడి, చిన్నవాడి మూతి కట్ట రాయికి తగిలి విరిగిందనుకోండి, అప్పుడు లెక్క మారుతుంది. గాయం తీవ్రమే అయినా, అది తీవ్రంగా ఉంటుందని తెలిసి చేసిన పని కాకపోతే 117 నిలవడం కష్టం. ఒప్పుకున్న మామూలు దెబ్బకు 25 అడ్డం వస్తుంది. ఈ ఒక్కచోట మెసేజ్ చెప్పేదాంట్లో పస ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అయితే ఆ రక్షణ ఇచ్చేది 25వ సెక్షనే. బాండు లేకపోయినా, నోటిమాట మీదనే ఒప్పుకున్నా, ప్రవర్తనను బట్టి ఒప్పుకున్నట్టు తెలిసినా అది వర్తిస్తుంది.

అంతటితో కూడా ఇద్దరూ బయటపడరు. బహిరంగ స్థలంలో కొట్టుకొని జనశాంతికి భంగం కలిగించడం 194 కింద వేరే నేరం. నెల లోపు జైలు, వెయ్యి లోపు జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నదే. కానీ 29వ సెక్షన్ ఏమంటుందంటే, ఒప్పుకున్నవాడికి తగిలిన దెబ్బతో సంబంధం లేకుండా స్వయంగా నేరమైన పనికి ఈ సమ్మతి రక్షణ అందదు. వాళ్లిద్దరూ తమ ఒంటి మీది దెబ్బకు ఒప్పుకోగలరు, చెరువు కట్ట మీద జనం ప్రశాంతతకు వాళ్లు ఎట్లా ఒప్పుకుంటారు? అదే కొట్లాట నలుగురికీ కనబడని సొంత చేనులో జరిగి ఉంటే 194 నిలవదు. కర్రో గొడ్డలో చేతికొస్తే మాత్రం ఎక్కడైనా 118 వస్తుంది. దాని కింద తీవ్ర గాయానికి కనీస శిక్షే ఏడాది, గరిష్ఠం యావజ్జీవం.

ఇంతకీ ఆ వంద రూపాయల కాగితం ఏం చేసింది? నేరం మీద కేసు పెట్టుకోం అని ముందే రాసుకునే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద చెల్లదు. పైగా కేసు నడిపేది ప్రభుత్వం, ఆ కాగితం మీద ప్రభుత్వం సంతకం లేదు. చెల్లకపోవడమే కాదు, అది ఎదురు తిరుగుతుంది కూడా. ఎవరైనా చచ్చిపోతే, ముందస్తు ఆలోచన లేకుండా హఠాత్తుగా జరిగిన కొట్లాట అని చెప్పి హత్యను తక్కువ నేరంగా తగ్గించుకునే దారి ఒకటి 101వ సెక్షన్‌లో ఉంది. తేదీ, సంతకాలు, సాక్షులతో రాసిన కాగితం ఉన్నాక "హఠాత్తుగా" అనే మాట ఎవరు నమ్ముతారు? చనిపోయినవాడు చావు ప్రమాదానికి తెలిసి ఒప్పుకున్నాడని అదే సెక్షన్‌లోని ఇంకో మినహాయింపు కింద వాదించవచ్చు. అది గెలిచినా నేరం పోదు, హత్య కాని నరహత్యగా మారుతుంది. 105 కింద ఉద్దేశంతో చేసిందైతే కనీసం ఐదేళ్లు. చావుకు సమ్మతి ఇచ్చి అవతలివాణ్ని పూర్తిగా విడిపించే సెక్షన్ సంహితలో ఎక్కడా లేదు.

కల్లు కాంపౌండు దగ్గర పెట్టిన సంతకాలకు ఈ పాటి విలువ కూడా లేదు. మత్తులో ఉండి తాను దేనికి ఒప్పుకుంటున్నాడో అర్థం కాని మనిషి సమ్మతి 28 ప్రకారం సమ్మతే కాదు. భయంతో గాని, తప్పుడు నమ్మకంతో గాని ఇచ్చిన సమ్మతి కూడా, అవతలివాడికి ఆ సంగతి తెలిస్తే, సమ్మతి కాదు. ఇంటర్ చదివే పదిహేడేళ్ల పిల్లవాడి సంతకం 25 కింద అసలు లెక్కలోకే రాదు.

కబడ్డీ సంగతి వేరు, ఎందుకు వేరో మెసేజ్ పట్టించుకోలేదు. 25 కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ సరదాకు చేసే కత్తిసాము. అందులో ఉన్న షరతు, మోసపు ఆట ఆడకుండా తగిలిన దెబ్బ అని. రైడర్ కాలి మడమ పట్టుకోవడం, నడుము పట్టడం ఆటలో భాగం, వాటికి కబడ్డీ కోర్టులోకి దిగిన ప్రతివాడూ ఒప్పుకున్నట్టే. ఆ పట్టులో మోకాలు తిరిగి ఎముక విరిగితే గాయం తీవ్రమే, కానీ విరగ్గొట్టాలని ఎవరూ పట్టలేదు. నోరు మూసి ఊపిరాడకుండా చేయడం, కాళ్లతో కత్తెర పట్టు వేయడం నియమాలు వద్దన్నవి. వీటిలో ప్రతి ఫౌలూ నేరం అయిపోదు, ఆట వేడిలో జరిగేవి రెఫరీ దగ్గరే తెగుతాయి. విజిల్ పడ్డాక, రైడ్ అయిపోయాక వెనక నుంచి వచ్చి మొహం మీద తన్నితే మాత్రం అది ఆటలో దెబ్బ కాదు, ఆట స్థలంలో దెబ్బ. స్కూలు పిల్లల ఆటకు వయసు వల్ల 25 వర్తించదు. అక్కడ కాసేది 18వ సెక్షన్, సరైన పనిని సరైన పద్ధతిలో తగు జాగ్రత్తతో చేస్తుండగా జరిగిన ప్రమాదం నేరం కాదన్నది.

ఆపరేషన్ దగ్గర మెసేజ్ పూర్తిగా తప్పు తోవ పట్టింది. డాక్టర్ తెలిసే కోస్తాడు, కాలు తీసేయాల్సి వస్తే తెలిసే తీసేస్తాడు. 25 కింద అయితే అది నేరమే. అందుకే అతనికి 26 వేరుగా పెట్టారు. దాని షరతులు వేరు: చంపే ఉద్దేశం ఉండొద్దు, రోగి మేలు కోసం కావాలి, సద్బుద్ధితో చేయాలి, సమ్మతి ఉండాలి. కొట్లాటలో ఎవరికి ఏం మేలు? పందెం డబ్బు వస్తుంది కదా అనొచ్చు, ఉత్త డబ్బు లాభం ఇక్కడ మేలు కాదని 30 కింద వివరణలో రాసే ఉంది.

సద్బుద్ధి అంటే మంచి మనసు కాదు, తగిన జాగ్రత్త, శ్రద్ధ. 1887లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక నాటువైద్యుడి కేసు వచ్చింది. లోపలి మొలలను మామూలు కత్తితో కోశాడు, రోగి రక్తస్రావంతో చనిపోయాడు. రోగి ఒప్పుకున్నాడు, వైద్యుడు ఇంతకుముందు అట్లాంటివి చేశాడు కూడా. అయినా శిక్ష పడింది. శిక్షణ లేని చేత్తో అంత ప్రమాదం ఉన్న కోత పెట్టడమే శ్రద్ధ లేకపోవడం అన్నారు. మొలలకు ఇంజెక్షన్, కోత అని మన మండల కేంద్రాల్లో కనిపించే బోర్డులకు ఈ పాత తీర్పు నేరుగా తగులుతుంది. 106(1) కింద నిర్లక్ష్యంతో చావుకు ఐదేళ్ల దాకా జైలు. మెడికల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్ చికిత్సలో అయితే రెండేళ్లే గరిష్ఠం. ఊళ్లో ఆర్ఎంపీ అని పిలిపించుకునే మనిషి ఆ రిజిస్టర్‌లో లేకపోతే ఆ తగ్గింపు అతనికి రాదు, పిలుపులో ఏ అక్షరాలున్నా సరే.

సంతకానికి హద్దు కూడా ఉంది. 2008లో సుప్రీంకోర్టుకు వచ్చిన కేసులో ఒకామె పొట్టలోకి గొట్టంతో చూసే పరీక్షకు ఒప్పుకుంది. మత్తులో ఉండగా తల్లి చేత సరే అనిపించుకొని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె స్పృహలోకి వచ్చేదాకా ఆగితే ప్రాణం పోయే పరిస్థితి కాదు. పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చాలదని, మేజరైన రోగి బదులు తల్లి ఒప్పుకోవడం చెల్లదని కోర్టు తేల్చింది, పరిహారం ఇప్పించింది. అది క్రిమినల్ కేసు కాదు, వినియోగదారుల కేసు. అయినా ఫారం మీద సంతకం ఏ పనికి పెట్టారో ఆ పనికే అన్న సంగతి అక్కడ తేలింది.

చెరువు కట్ట వాళ్లకు దారి ఒకటుంది, అది కొట్లాటకు ముందు కాదు, తర్వాత. ఆయుధం వాడని గాయం కేసుల్లో దెబ్బ తిన్న మనిషి రాజీకి రావచ్చు, తీవ్ర గాయమైతే దానికి కోర్టు అనుమతి కూడా కావాలి. లోక్ అదాలత్‌లో చాలా కేసులు అట్లాగే మూసుకుంటాయి. ఆ హక్కు పన్ను పోయినవాడిది. ముందు రాసిన బాండు చూపి "నువ్వు రాజీకి రావాల్సిందే" అని వాణ్ని ఎవరూ పట్టలేరు.