లోగో, నంబరు, తేదీ చాలవండీ

"బ్రీఫ్ రాయడం టైమ్ వేస్ట్. పీపీటీ కావాలంటే డిజైనర్‌కి లోగో పంపండి, ఎన్ని స్లైడ్లో చెప్పండి, ఏ రోజుకి కావాలో చెప్పండి, చాలు. మంచి డిజైనరైతే మిగతాది తనే పట్టేస్తాడు. ఎక్కువ చెబితే క్రియేటివిటీ చచ్చిపోతుంది."

ఒక్క వారంలో ఈ మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. మూడోసారి పంపినాయన నా క్లయింటే. భీమవరం పక్క ఊళ్లో రొయ్యల మేత డీలరు. కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టారు. నిరుడు ఆయన పని ఇలాగే చేశాను, ఈ ఏడాది బ్రీఫ్, అంటే పనికి ఏమేం కావాలో ముందే రాసిచ్చే వివరం, రాయించుకుని చేశాను. రెండూ ఒకే రకం పని: రైతుల మీటింగ్, కల్యాణ మండపం, ఇరవై నిమిషాల మాట. కాబట్టి వాదన ఎందుకు, ఆ రెండింటిలో ఏం జరిగిందో చెబుతాను.

ముందు ఆ మెసేజ్‌లో అసలు లేని విషయం: చూసేది ఎవరు, ఎక్కడ కూర్చుని చూస్తారు. నిరుడు నేనూ అడగలేదు. "మనోళ్లేనండీ, రైతులు" అన్నారు, సరే అనుకున్నాను. ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నటి తెల్ల అక్షరాలతో చేశాను. నా గదిలో లాప్‌టాప్ మీద చూస్తే ముచ్చటేసింది. మీటింగేమో పగలు పదకొండింటికి, రెండు వైపులా తెరిచి ఉన్న మండపంలో. ప్రొజెక్టర్‌కి నలుపుని వెయ్యడం చేతకాదు. వెలుగు పడని చోటే నలుపు, అంటే ఆ గదిలో తెర ఎంత తెల్లగా కనిపిస్తుందో నలుపూ అంతే తెల్లగా కనిపిస్తుంది. నా నీలం కాస్తా వెలిసిపోయిన బూడిద రంగైంది, దాని మీద తెల్ల అక్షరాలు కలిసిపోయాయి. వెనక వరసల వాళ్లు కాసేపు కళ్లు చికిలించి చూసి, తర్వాత మజ్జిగ వైపు చూడటం మొదలెట్టారు.

ఈసారి డీలరు గారిని రెండే అడిగాను: తెర ఎంత వెడల్పు, చివరి వరస తెరకి ఎంత దూరం. తెర ఎనిమిది అడుగులు, దూరం దాదాపు నలభై ఎనిమిది అడుగులు అన్నారు. లెక్క తేలికే. నా లాప్‌టాప్ తెర అడుగు వెడల్పు, అంటే ఆ తెరలో ఎనిమిదో వంతు. నలభై ఎనిమిదిలో ఎనిమిదో వంతు ఆరు. కాబట్టి లాప్‌టాప్‌లో స్లైడ్ పెట్టి ఆరు అడుగులు వెనక్కి వెళ్లి చదివితే చివరి వరస రైతుకి కనిపించేదే నాకూ కనిపిస్తుంది. అలా చదివితే నిరుటి స్లైడ్లలో సగం చదవలేకపోయాను. నాకు ముప్పై నాలుగేళ్లు. కుర్చీల్లో కూర్చునేవాళ్లలో చాలామంది యాభై దాటినవాళ్లు. ఈసారి తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్లటి లావు అక్షరాలు.

చూసేదెవరో తెలిస్తే మారేది అక్షరాల సైజు ఒక్కటే కాదు, చెప్పే విషయం కూడా. ఒక చెరువులో నాలుగు టన్నుల పట్టుబడికి ఆరు టన్నుల మేత పట్టింది, అంటే ఎఫ్‌సీఆర్, కేజీ రొయ్యకి పట్టిన మేత లెక్క, 1.5. పక్క చెరువులో అదే నాలుగు టన్నులకి 5.2 టన్నులు, అంటే 1.3. కంపెనీ నుంచి వచ్చే ఏరియా మేనేజర్‌కి 1.3 అన్న అంకె పెద్దగా వేస్తే చాలు, సంతోషిస్తాడు. రైతుకి ఎఫ్‌సీఆర్ తెలియదని కాదు, మనకంటే బాగా తెలుసు. తెలుసు కాబట్టే నమ్మడు. "ఏ చెరువండీ? ఎకరాకి సీడ్ ఎంత వేశారు? ఏ నెల పంట?" అని మొదటి వరసలోంచే అడుగుతాడు. రైతుల కోసమైతే ఆ స్లైడ్ మీద చెరువు ఫొటో, ఊరు, సీడ్ వేసిన నెల, ఎకరాకి ఎంత వేశారన్నది, ఆ కింద "అదే పట్టుబడికి 800 కేజీల మేత తక్కువ" అన్న లైను ఉండాలి. లెక్క అదే, స్లైడ్ వేరు. ఇది డిజైనర్ తనంతట తాను పట్టేసే విషయం కాదు. పైగా చెరువు ఫొటో, సీడ్ లెక్క నా దగ్గర ఎందుకుంటాయి?

ఇక స్లైడ్ల సంఖ్య. రొయ్యల ఊళ్లో ఉండి ఇది చెప్పాల్సి రావడమే నాకు వింత. కౌంట్ అంటే ఏమిటో ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ముప్పై కౌంట్ అంటే కేజీకి ముప్పై రొయ్యలు, వంద కౌంట్ అంటే కేజీకి వంద. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది, కేజీ ధర పడిపోతుంది. స్లైడ్లూ అంతే, ఇరవై నిమిషాలనే కేజీలో ఎన్ని వేస్తామన్నదే లెక్క. నిరుడు ఇరవై స్లైడ్లన్నారు, రేటు మాట్లాడుకున్నాం. పంపినవి ఇరవయ్యే. వాటిలో ఆరు స్లైడ్ల మీద తొమ్మిది గడుల పట్టికలు, రెండిటి మీద ఒక పేజీ నిండా వ్యాసం. కవరు, "ధన్యవాదాలు" కూడా ఆ ఇరవైలోనేనా అన్నది చివరి రోజున తగువైంది.

అందుకే నంబరుతో పాటు మూడు సంగతులు రాయించుకుంటాను: మాట ఎన్ని నిమిషాలు, మ్యాటర్ రాసి ఉందా లేక నేనే కుదించాలా, పట్టికలు, గ్రాఫులు ఎన్ని. ఒక ఫొటో, ఒక లైను ఉన్న స్లైడ్ నాకు పావుగంట పని. తొమ్మిది గడుల పట్టికని రైతు చదివేలా రెండు గడులకి తేవాలంటే ఒక పూట పడుతుంది, ఎందుకంటే ఏ గడి తీసేయాలో డీలరు గారిని అడగాలి, ఆయన కంపెనీ టెక్నీషియన్‌ని అడగాలి. ఈసారి పన్నెండు స్లైడ్లకి కుదిరాం, కవరుతో కలిపి. పట్టికలు రెండే. నిరుటి కంటే తక్కువ స్లైడ్లకి ఎక్కువ డబ్బు తీసుకున్నాను. ఆయన ఒప్పుకున్నారు కూడా, కౌంట్ ఉదాహరణ చెప్పాక.

లోగో పంపితే చాలన్న మాట దగ్గర నాకు నిజంగా నవ్వొచ్చింది. నిరుడు నాకు లోగోగా వచ్చింది గోడ క్యాలెండర్‌కి ఫోన్‌తో తీసిన ఫొటో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, అంచుల్లో మసక వస్తుంది. అదే డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. పైగా క్యాలెండర్ ఫొటోలో ఆకుపచ్చ రంగుని పైన పట్టుకుంటే ఒక కోడ్, కింద పట్టుకుంటే ఇంకో కోడ్. అసలు ఫైలు ఎప్పుడూ ఎక్కడో ఉంటుంది, మన ఊళ్లలో అయితే ఫ్లెక్సీ వేసిన డీటీపీ షాపులో. దాన్ని కోరల్‌డ్రా `.cdr` ఫైలుగా తెప్పించుకోవాలి, లేదా కోరల్‌డ్రాలోనే అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి `Ctrl+Q` కొట్టి గీతలుగా మార్చి పీడీఎఫ్‌గా ఇమ్మనాలి. అలా మారిస్తే ఆ ఫాంటు నా దగ్గర లేకపోయినా లోగో చెదరదు.

లోగో కంటే పెద్ద తంటా తెలుగు మ్యాటర్‌తో. డీలరు గారు పంపిన కరపత్రం డీటీపీ వాళ్లు వాడే "అను" అన్న ఫాంట్లలో టైప్ చేసింది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చినవి. ఆ మ్యాటర్ తీసుకొచ్చి పవర్‌పాయింట్‌లో పెడితే తెలుగు మాయమై అర్థం లేని గుర్తులు వరస కడతాయి. కన్వర్టర్‌లో వేయొచ్చు, కానీ తర్వాత వత్తులు, సున్నాలు ఒక్కొక్కటీ చూసుకోవాలి. "తెలుగు మ్యాటర్ వాట్సాప్‌లోనే టైప్ చేసి పంపండి" అన్న ఒక్క వాక్యం నిరుడు బ్రీఫ్‌లో ఉంటే నాకు ఒక రాత్రి మిగిలేది. ఫోన్‌లో టైప్ చేసేదంతా యూనికోడే.

ఏ కంప్యూటర్ మీద నడుపుతారన్నది కూడా ఈ ఖాతాలోదే. నేను వాడిన తెలుగు ఫాంటు మండపం లాప్‌టాప్‌లో లేకపోతే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, లైన్లు పొంగి బయటికి వస్తాయి. సేవ్ చేసేటప్పుడు ఆప్షన్లలో `Embed fonts in the file` పెడతాను. అది పని చేయాలంటే అక్కడా పవర్‌పాయింటే ఉండాలి, ఫాంటు కూడా అందుకు అనుమతించాలి. అందుకని పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కూడా వేస్తాను. యానిమేషన్లు పోతాయి, పరువు మిగులుతుంది.

తేదీ సంగతి త్వరగా చెప్పేస్తాను. "ఆదివారానికి కావాలి" అన్నది మీటింగ్ తేదీ, నా తేదీ కాదు. ఆదివారం మీటింగైతే శనివారం మండపంలో ప్రొజెక్టర్‌కి పెట్టి చూడాలి, పాతదైతే తెర దాదాపు చదరంగా ఉండి నా వెడల్పాటి స్లైడ్‌కి పైనా కిందా ఖాళీ వదులుతుంది. అంటే శుక్రవారం సాయంత్రానికి ఫైలు పూర్తి కావాలి, బుధవారం రాత్రికి మార్పులన్నీ రావాలి. అవి రావాల్సింది ఒక్కరి దగ్గర్నుంచి. నిరుడు డీలరు గారు ఒక వాయిస్ మెసేజ్, వాళ్లబ్బాయి ఒకటి, టెక్నీషియన్ ఒకటి పంపారు, మూడూ మూడు దారులు. ఈ ఏడాది బ్రీఫ్‌లో ఆఖరి మాట ఎవరిదో రాయమంటే వాళ్లబ్బాయి పేరు రాశారు. "నేను పట్టుబడిలో ఉంటే ఫోన్ ఎత్తను బాబూ" అన్నారు, అదీ నిజమే.

క్రియేటివిటీ చచ్చిపోతుందన్న మాటలో కొంత నిజముంది, కాదనను. "నీలం పెట్టు, రొయ్య కుడి వైపునుంచి ఎగురుకుంటూ రావాలి, అక్షరాలు తిరగాలి" అని రాసి పంపితే నాకు చేయడానికి ఏమీ మిగలదు. కానీ అది ఎలా చేయాలో చెప్పడం. తెర ఎనిమిది అడుగులు, గదిలో వెలుగెక్కువ, చూసేవాళ్ల వయసు యాభై పైన, ఇవి ఉన్న పరిస్థితులు. వీటిని దాచిపెడితే నాకు స్వేచ్ఛేమీ రాదు. పాత క్లయింటుకి, మొన్న చేసిన పనే మళ్లీ చేయాలంటే మాత్రం మూడు ముక్కలు చాలు, అక్కడ ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

ఈ ఏడాది డీలరు గారు పంపిన బ్రీఫ్ మొత్తం ఇదే, ఫోన్‌లో టైప్ చేసింది:

"చూసేది నూట యాభై మంది రైతులు, ఎక్కువగా పెద్దవాళ్లు. పగలు 11 గంటలకి, తెరిచిన మండపం, తెర 8 అడుగులు, చివరి కుర్చీ 48 అడుగులు. మాట 20 నిమిషాలు, 12 స్లైడ్లు కవరుతో కలిపి, పట్టికలు 2. మ్యాటర్ ఇదే చాట్‌లో పంపుతాను, కుదించేది మీరే. లోగో డీటీపీ షాపు వాళ్లు డాక్యుమెంట్‌గా పంపుతారు. చెరువుల ఫొటోలు అబ్బాయి పంపుతాడు. మార్పులు బుధవారం రాత్రికి, రెండుసార్లే, అబ్బాయి చెప్పిందే ఆఖరు. ఫైలు శుక్రవారం సాయంత్రం. శనివారం నాలుగింటికి మండపంలో చూద్దాం."

రాయడానికి ఎంతసేపు పట్టిందని అడిగాను. "టీ చల్లారలేదండీ" అన్నారు. మరి ఆ మెసేజ్ నాకెందుకు పంపారంటే, చదవకుండానే ఫార్వర్డ్ కొట్టారట.