కందిపప్పు డబ్బా ఏదో అమ్మకే ఎందుకు తెలియాలి?

మోకాలి ఆపరేషన్ కోసం అమ్మ ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఆమె ఫోను మోగుతూనే ఉంది. పరామర్శలు కొన్నే. మిగిలినవన్నీ మా ఇంటి నుంచే. కందిపప్పు ఏ డబ్బాలో ఉంది? ఈ రెండింటిలో ఇడ్లీ రవ్వ ఏది? నీలం చారల తువ్వాలు నాన్నగారిదా, తమ్ముడిదా? మా వంటింటి అరల్లో ఒకే కొలత స్టీలు డబ్బాలు పద్దెనిమిది ఉండేవి. ఒక్కదాని మీదా గుర్తు లేదు. ముప్పై ఏళ్లుగా ఆ జాబితా అంతా అమ్మ తలలోనే ఉంది కాబట్టి గుర్తులు కావాలని ఎవరికీ తోచలేదు. కట్టు కట్టిన కాలుతో మంచం మీద పడుకుని కూడా ఆమె మా వంటింటిని నడపాల్సి వచ్చింది.

డబ్బాలకు, తువ్వాళ్లకు రంగుల గుర్తులు పెట్టుకోవడాన్ని మనవాళ్లు అలంకారం కింద జమకడుతున్నారు. అల్మారాలో అన్నీ ఒకే వరసలో ముచ్చటగా కనిపిస్తే చాలనుకుంటున్నారు. నా దృష్టిలో ఇది అందానికి సంబంధించిన విషయమే కాదు. ఒక మనిషి బుర్రలో ఉన్న సమాచారాన్ని అందరికీ కనిపించేలా అర మీదకు దించడం. అలా చూస్తేనే ఏ రంగు దేనికి పెట్టాలో కూడా తేలుతుంది.

చాలామంది మొదటి అడుగులోనే పొరపాటు చేస్తారు. వస్తువుకో రంగు పెడతారు. పద్దెనిమిది డబ్బాలకు పద్దెనిమిది రంగులంటే గుర్తుపెట్టుకోవడానికి మళ్లీ అమ్మే కావాలి. రంగు వస్తువు పేరు చెప్పనక్కరలేదు, అది ఏ గుంపులోదో చెబితే చాలు. మా ఇంట్లో ఇప్పుడు పప్పులన్నిటికీ పసుపు, పిండికీ రవ్వకూ తెలుపు, పోపు సామానుకూ మసాలా దినుసులకూ ఆకుపచ్చ. పద్దెనిమిదింటిలో వెతికే పని ఆరేడింటికి తగ్గింది. పప్పుల్లో కంది ఏదో, శనగ ఏదో తేల్చడానికి డబ్బా మీద పేరు రాసిన చిన్న కాగితం ఉంది.

నాలుగో రంగు ఎరుపు. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎరుపంటే తినేది కాదని అర్థం. బొద్దింకల కోసం బోరిక్ పొడిని పంచదార, గోధుమపిండితో కలిపి ఉండలు చేస్తాం. మిగిలిన పొడిని ఏ పాత జాము సీసాలోనో పోసి మూత బిగిస్తాం. బట్టల సోడా, వంటసోడా పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఫినాయిలు కూల్‌డ్రింకు సీసాలో ఉంటుంది. ఇలాంటివి కొన్న ప్యాకెట్టులోనే ఉంచి, వంటింటి బయట, పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. వేరే దానిలోకి మార్చక తప్పకపోతే ఆ సీసాకు చుట్టూ ఎర్ర టేపు ఉండాలి. ఇంట్లో మరే వస్తువుకూ ఎరుపు వాడకూడదు. కారం డబ్బాకు ఎర్ర మూత పెడితే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టారా, ఎరుపు చేసే హెచ్చరిక ఆ రోజుతో పోయినట్లే. రోజూ చేయి పెట్టే రంగును చూసి ఎవరూ ఆగరు.

రంగు మూతకు పెట్టాలా, డబ్బాకు పెట్టాలా? డబ్బాకే. ఒకే కొలతవి కడిగి ఆరబెట్టాక మూతలు మారిపోతాయి, పప్పు డబ్బా మీదకు పిండి మూత వచ్చి కూర్చుంటుంది. మూతకు కూడా పెట్టుకోవచ్చు కానీ అసలు గుర్తు డబ్బా ఒంటి మీద ఉండాలి. కరెంటు పనివాళ్లు తీగలకు చుట్టే టేపు అన్ని రంగుల్లోనూ చవగ్గా దొరుకుతుంది. డబ్బాను తడి లేకుండా తుడిచి ఒక చుట్టు చుట్టాలి. పొయ్యి దగ్గరి అరలో వేడికి దాని జిగురు కారుతుంది కాబట్టి అక్కడి డబ్బాలకు చుట్టవద్దు. మరకను కొబ్బరినూనెతో రుద్దితే వదులుతుంది.

తువ్వాళ్ల విషయంలో మాత్రం రంగు మనిషికి చెందాలి. దీనికి కారణం చర్మం, కళ్లు. తామర తువ్వాలు ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, కండ్లకలకా అంతే. ఎవరి తువ్వాలు వాళ్లు వాడాలని డాక్టరు చెబుతారు, ఇంట్లో నాలుగూ ఒకేలా ఉంటాయి. తడి చేతులతో, సబ్బు కళ్లతో అందినది లాగేసుకుంటాం. అందుకని కొత్త తువ్వాళ్లు కొనక్కరలేదు. తెల్లవాటికే మూలన తలా ఒక రంగు దారంతో రెండు అంగుళాల కుట్టు వేస్తే చాలు. నిజానికి ముదురు రంగు తువ్వాళ్లకన్నా ఇదే మేలు. ముదురువి మొదటి నాలుగైదు ఉతుకుల్లో రంగు వదిలి పక్క బట్టలను పాడుచేస్తాయి. తామర ఉన్నవారి తువ్వాలును వేడినీళ్లలో ఉతకాల్సి వస్తే ఆ రంగు ఇంకా వెలుస్తుంది. వంటింటి గుడ్డలకూ ఇదే పద్ధతి. కోడికూర కోసిన గట్టు తుడిచే గుడ్డ, కంచాలు తుడిచే గుడ్డ దూరం నుంచే వేరుగా కనిపించాలి.

అటక మీది పెట్టెలకు, లోపల ఏముందన్నదాన్ని బట్టి కాక ఎప్పుడు దించుతామన్నదాన్ని బట్టి రంగు పెట్టాను. సంక్రాంతి బొమ్మల కొలువుకు ఒకటి, చలికాలం దుప్పట్లకు ఒకటి.

పేర్లు రాసుకుంటే సరిపోదా, రంగులెందుకు అంటారు కొందరు. పేర్లూ ఉండాలి. అయితే పేరు చదవాలంటే ఆ లిపి రావాలి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో వంటపనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, ఇంట్లో అక్షరాలు ఇంకా రాని పిల్లలు ఉన్నారు. రంగుకూ ఒక హద్దు ఉంది. కొందరు మగవాళ్లకు ఎరుపు, ఆకుపచ్చ తేడా పుట్టుకతోనే సరిగా తెలియదు. శుక్లాలు ముదిరిన పెద్దవాళ్లకు నీలం నల్లగా కనిపిస్తుంది. అందుకే ఎరుపు ఉన్న చోట నల్ల మార్కరుతో అడ్డగీతలు కూడా గీశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ల సగటు 88 నిమిషాలు. ఈ లెక్కలో చేతులతో చేసే పని ఉంది, తలలో మోసే పని చాలావరకు లేదు. పప్పు అడుగంటిందా, ఎవరి తువ్వాలు తడిగా ఉంది, బోరిక్ పొడి ఎక్కడ దాచాం అన్న ఎడతెగని లెక్కను ఏ సర్వే గడియారం పెట్టి కొలుస్తుంది? మగవాళ్లు ఇంటిపనికి వచ్చినా పావుగంటకోసారి “ఎక్కడుంది?” అని కేకేస్తే ఆ పని చేస్తున్నది ఇద్దరు. చెప్పే మనిషికి విశ్రాంతి లేదు. “మాకు తెలియదు” అన్న మాట ఇళ్లలో ఇన్నాళ్లూ మగవాళ్లకు మంచి సాకుగా పనిచేసింది. అర మీద రంగు కనిపిస్తుంటే ఆ సాకు నిలవదు.

కాబట్టి టేపు చుట్టాల్సింది రోజూ వంట చేసేవాళ్లు కాదు, చేయనివాళ్లు. మా ఇంట్లో ఒక ఆదివారం నాన్నగారూ తమ్ముడూ కూర్చుని డబ్బాలన్నీ దించి, అమ్మను అడిగి గుంపులు చేసి, వాళ్లే చుట్టారు. దానికి ముందు వారం ఒక పరీక్ష పెట్టాను. అమ్మ హాల్లో కూర్చుంటే తమ్ముడు ఉప్మా చేయాలి. ఆ అరగంటలో అమ్మను పదకొండు ప్రశ్నలు అడిగాడు. టేపు చుట్టాక వచ్చిన ఆదివారం మళ్లీ చేశాడు. ఈసారి రెండే అడిగాడు. గ్లాసు రవ్వకు నీళ్లు ఎన్ని పోయాలి, అమ్మకు జీడిపప్పు వేయాలా వద్దా.