గడియారం మారని ఊరే ఎందుకు సర్దుకోవాలి?

సింగపూర్, లండన్, శాన్‌ఫ్రాన్సిస్కో. ఈ మూడు చోట్లా సపోర్ట్ టీములుంటే షిఫ్టుల లెక్క తేలిగ్గా కుదురుతుంది. చలికాలంలో ఒక్కో ఊరికీ మధ్య సరిగ్గా 8 గంటల తేడా. అందరూ తమ ఊళ్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 4:30 దాకా పనిచేస్తే చాలు. రోజంతా నిండుతుంది, పని చేతులు మారే ప్రతిచోటా అరగంట సేపు రెండు టీములూ కలిసి ఉంటాయి. ఎవరికీ నైట్ షిఫ్ట్ ఉండదు.

మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం గంట ముందుకు జరుగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో షిఫ్ట్ అక్కడివాళ్లకు మామూలుగానే ఉన్నా, ఏ ఊరి గడియారంతోనూ మారని ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో చూస్తే 00:30కి బదులు 23:30కే ముగిసిపోతుంది. సింగపూర్‌లో గడియారం మారదు కాబట్టి అక్కడ షిఫ్ట్ ఎప్పటిలాగే 00:00కి మొదలవుతుంది. మధ్యలో అరగంట ఎవరూ లేరు. మార్చి చివరి ఆదివారం లండన్ కూడా మారాక అంతా సర్దుకుందని అనుకుంటారు. ఈ ఖాళీ మాత్రం అమెరికా గడియారం వెనక్కి జరిగే నవంబర్ మొదటి ఆదివారం దాకా పోదు. 2026లో అయితే మార్చి 8 నుంచి నవంబర్ 1 దాకా, 34 వారాలు.

ఒక టికెట్ ఊహించండి. 23:20కి ఒక కస్టమర్ డేటాబేస్ ఆగిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఇంజనీర్ లాగ్‌లు తెప్పించుకుని చూశాడు, గంటలో చెబుతామన్నాడు, 23:30కి టికెట్‌ను ఆసియా క్యూలోకి మార్చి వెళ్లిపోయాడు. సింగపూర్‌లో దాన్ని తెరిచినావిడకు అడగడానికి మనిషి లేడు. 00:15కి కస్టమర్‌నే మళ్లీ లాగ్‌లు అడిగింది. చెప్పిన గంటలోపే జవాబు వెళ్లింది కాబట్టి రిపోర్టులో తప్పేమీ కనిపించదు. కస్టమర్‌కు మాత్రం పని మొదటికొచ్చింది.

దీన్ని పట్టుకోవాలంటే క్యూ మారిన క్షణం నుంచి కొత్త మనిషి టికెట్ తెరిచేదాకా పట్టిన సమయాన్ని వారాలవారీగా చూడాలి. మార్చి రెండో వారం తర్వాత సింగపూర్ గీత ఒక్కటే పైకి లేస్తుంది. కొన్ని టీముల్లో అదీ లేవదు, ఎవరో ఒకరు లెక్కలో లేని అరగంట రోజూ ఆగుతుంటారు కాబట్టి. అది నాకు ఇంకా బాధగా అనిపిస్తుంది.

మేనేజర్లకు ముందుగా తోచేది సింగపూర్ వాళ్లను వేసవిలో 7కే రమ్మనడం. అలా చేస్తే లండన్ మారని ఆ రెండు మూడు వారాలు, మళ్లీ లండన్ గడియారం ముందే వెనక్కి జరిగే అక్టోబర్ చివర ఒక వారం, ఖాళీ సింగపూర్–లండన్ మధ్యకు జరుగుతుంది. పైగా గడియారం మార్చుకోని ఊరు ఇతరుల కోసం గంట ముందు లేవాలి. నా దృష్టిలో షిఫ్టులను యూటీసీలో కట్టేసి, గడియారం మార్చుకున్న రెండు ఊళ్లనే ఆ రోజు నుంచి 9కి రమ్మనడం న్యాయం. అప్పుడు వాళ్లు ఇల్లు చేరడం వేసవంతా గంట ఆలస్యమవుతుంది. సాయంత్రం పిల్లల్ని తీసుకురావాల్సిన వాళ్లకు అది చిన్న విషయం కాదు, కాబట్టి ఆ తేదీలు జనవరిలోనే వాళ్ల చేతికి అందాలి.