అంచు మీద పరిచే ఇటుకలకు 430 చాలవు, కింద 4 అంగుళాల ఇసుక అక్కర్లేదు

"30 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న తోట దారికి 430 ఇటుకలు సరిపోతాయి. పడుకోబెట్టినా అంచు మీద నిలబెట్టినా లెక్క ఒకటే, విస్తీర్ణం మారదు కదా. కింద 4 అంగుళాల ఇసుక పోసి తడిపేస్తే కంకర పని లేదు."

మారనిది దారి విస్తీర్ణం. ఇటుక పైకి చూపే ముఖం మాత్రం మారుతుంది. 9×4½×3 అంగుళాల ఇటుకను పడుకోబెడితే కనిపించేది 9×4½, అంటే 40.5 చదరపు అంగుళాలు. అంచు మీద నిలబెడితే 9×3, అంటే 27. ముఖం మూడో వంతు తగ్గింది కాబట్టి ఇటుకలు ఒకటిన్నర రెట్లు కావాలి. 430 అనే అంకె పడుకోబెట్టిన ఇటుకది, అదీ సందులు వదలకుండా వేసిన లెక్క. ఎత్తు, వెడల్పు సమానంగా ఉన్న ఇటుకైతే ఎలా పెట్టినా ఒకటే నిజమే. ఇక్కడి ఇటుక అలాంటిది కాదు.

విస్తీర్ణాన్ని భాగించి వదిలేయకుండా వరసలు లెక్కపెట్టడం మేలు. పావు అంగుళం సందు కలిపితే ఒక్కో ఇటుక 9¼×3¼ స్థలం తీసుకుంటుంది. ముందు రెండు పక్కలా దారి పొడవునా ఒక్కో ఇటుక వరస అంచుకట్టుగా పోతుంది. 360 అంగుళాలకు పక్కకు 39 చొప్పున 78 ఇటుకలు. ఆ రెండు వరసలు 6½ అంగుళాలు తినేస్తే లోపల మిగిలేది 41½. అడ్డంగా పరిస్తే వరసకు నాలుగున్నర ఇటుకలు పడతాయి. సగం ముక్కను ఒక వరసలో ఎడమ చివర, తర్వాతి వరసలో కుడి చివర పెడితే సందులు ఒకే గీతలోకి రావు. పొడవు వెంట 111 వరసలు, అంటే 500 ఇటుకలు. అంచుకట్టుతో మొత్తం 578.

సగం ముక్కలే 111 కావాలి. కొడితే అన్నీ శుభ్రంగా రెండుగా పగలవు, కొన్ని మూడు ముక్కలవుతాయి. అందుకే 620 తెప్పించాలి. 430తో మొదలుపెట్టినవాళ్లకు దాదాపు 190 తగ్గుతాయి. మధ్యలో మరో బట్టీ సరుకు తెస్తే రంగూ కొలతా కలవవు. అసలు కొలత తెలియాలంటే పది ఇటుకలను అంచు మీద, మధ్య పావు అంగుళం బద్దలు పెట్టి, పక్కపక్కన నిలిపి టేపు పట్టండి. 32¼ అంగుళాలు రావాలి. 33½ వస్తే వరసలు 107 చాలు.

ఇక ఇసుక. పరుపు మందమైతే దారి గట్టిపడుతుందనుకోవడమే అసలు పొరపాటు. 4 అంగుళాల వదులు ఇసుక అన్నిచోట్లా ఒకేలా కుంగదు. అడుగు ఎక్కువ పడే మధ్యభాగం దిగి నీళ్లు నిలుస్తాయి. పక్కల నుంచి నీరు పోతూ ఇసుకనూ లాక్కుపోతుంది. వాన తర్వాత ఇటుక మీద కాలు వేయగానే సందులోంచి బురదనీరు చిమ్మితే అడుగున గుల్లయిందన్న మాట. తడపడంతో పైపొర సర్దుకుంటుందే తప్ప బరువు మోసే శక్తి రాదు. ఆ పని దిమ్మిస కొట్టిన కంకరది.

కాబట్టి 4 అంగుళాల కంకర, దాని మీద అంగుళమున్నర వదులు ఇసుక. ఇటుక కొట్టి దించాక ఇసుక అంగుళంపావు దగ్గర నిలుస్తుంది. దానిపై ఇటుక నిలువు 4½ అంగుళాలు. అంటే పూర్తయిన మట్టానికి కింద తవ్వకం పది అంగుళాలకు కాస్త తక్కువ. పడుకోబెట్టే లెక్కతో ఎనిమిదింపావే తవ్వితే ఇటుకలు నేల పైకి వచ్చేస్తాయి. జిగురు నేలైతే కంకర 6 అంగుళాలు వేసి, తవ్వకాన్నీ మరో రెండు అంగుళాలు లోతు చేయండి. అడుగుకు పావు అంగుళం వాటం కంకరలోనే ఇవ్వాలి. ఇసుక మందాన్ని ఒకవైపు పెంచి వాటం తెస్తే పాత తప్పే తిరిగొస్తుంది. అంచుకట్టు ఇటుకలను మాత్రం ఇసుక మీద కాక సిమెంటు మాలులో కూర్చోబెట్టాలి. పక్కలు జరిగితే లోపలి వరసలు విచ్చుకుంటాయి.

120 చదరపు అడుగులకు అంగుళమున్నర అంటే 15 ఘనపుటడుగులు, వృథాతో 17. ఇది ముతక ఇసుక. 4 అంగుళాలు పోసేవాళ్లు 40 తెప్పిస్తారు. అంత ఇసుక తెచ్చినా సందుల సంగతి లెక్కలోనే లేదు. సందులు విస్తీర్ణంలో పదో వంతు, లోతు 4½ అంగుళాలు, కాబట్టి అవే దాదాపు 4½ ఘనపుటడుగులు మింగుతాయి. ఇటుక ముఖం మీద గుంట ఉంటే అది పక్క ఇటుక వైపు తిరుగుతుంది, అందులోకీ ఇసుక దిగుతుంది. పొడిగా, జల్లించిన సన్న ఇసుక 6 ఘనపుటడుగులు విడిగా ఉంచుకోండి. తడిసినదైతే పైనే బిగిసి కింద ఖాళీ వదులుతుంది. చీపురుతో ఊడ్చి నింపి, ఇటుకల మీద పలక వేసి తట్టి, మళ్లీ ఊడ్చాలి. రెండు మూడు వానల తర్వాత సందులు అర అంగుళం దిగితే, మిగిలిన ఇసుకతో ఇంకోసారి నింపాలి.