కప్పకు రావాల్సిన బాకీ

టీవీ రిమోట్ వెనక మూత తీసి చూడండి. సెల్ మీద 1.5 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ వోల్టు వోల్టా అనే ఇటలీ పెద్దమనిషిది. బాత్రూంలో జీఐ పైపు ఉంటే అదీ చూడండి. జీఐ అంటే గాల్వనైజ్డ్ ఐరన్. ఆ పేరులో ఉన్నది గాల్వానీ అనే ఇంకో ఇటలీ పెద్దమనిషి. ఒకాయన పేరు కరెంటు కొలతకు దక్కింది, ఇంకొకాయనది పైపులకూ బకెట్లకూ దక్కింది. వీళ్లిద్దరి గొడవలో కాళ్లు పోగొట్టుకున్న కప్ప పేరు ఎక్కడా లేదు. ఈ అన్యాయం గురించి ఇంతవరకు ఏ సంఘమూ ధర్నా చేయలేదు కాబట్టి నేనే పూనుకుంటున్నాను.

లుయీజీ గాల్వానీ బొలోన్యాలో అనాటమీ ప్రొఫెసర్. కప్ప చర్మం ఒలిచి, వెనక కాళ్లు రెండూ, వాటిలోకి దిగే నరాలూ, కాస్త వెన్నెముకా మిగిల్చి బల్ల మీద పెట్టేవాడు. ఒకరోజు అదే గదిలో కరెంటు యంత్రం నిప్పురవ్వ విసిరిన క్షణానే ఎవరో కత్తి మొనను ఆ నరానికి తాకించారు. చచ్చిన కాలు తన్నింది. యంత్రానికీ కప్పకూ మధ్య తీగ లేదు. గాల్వానీకి నిద్ర పట్టి ఉండదు.

గదిలో నిప్పురవ్వకే తన్నితే ఆకాశంలో మెరుపుకు తన్నదా అనుకుని, వెన్నులోకి ఇత్తడి కొక్కాలు గుచ్చి ఇంటి బాల్కనీ ఇనుప కమ్మీకి వేలాడదీశాడు. (మన ఊళ్లలో వాన కోసం కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతారు, ఈయన పిడుగు కోసం కట్టాడు. కప్ప జాతకమే అంత.) ఉరుములప్పుడు కాళ్లు ఆడాయి. తర్వాత, 1786లో, మబ్బు లేని రోజుల్లోనూ వేలాడదీసి కాచుకు కూర్చున్నాడు. ఏమీ జరగలేదు. విసుగొచ్చి కొక్కాలను కమ్మీకేసి నొక్కాడు. కాళ్లు ఎగిరాయి! గదిలోకి తెచ్చి ఇనుప పలక మీద పెట్టి నొక్కినా అదే ఆట. మబ్బూ లేదు, యంత్రమూ లేదు. మరి కరెంటు ఎక్కడిది? కప్పలోదే అని తేల్చి, జంతువుల ఒంట్లోనే విద్యుత్తు ఉందంటూ 1791లో అచ్చు వేయించాడు.

పావియాలో ఫిజిక్స్ చెప్పే అలెస్సాండ్రో వోల్టా ముందు తనూ చేసి చూసి మెచ్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అనుమానం పట్టుకుంది. కొక్కెం ఇత్తడి, కమ్మీ ఇనుము. రెండూ ఒకే లోహమైతే కప్ప అంత హుషారుగా ఎందుకు తన్నడం లేదు? ఆయన తన నాలుకనే బల్ల మీద కప్పను చేశాడు. నాలుక కొసన తగరపు రేకు, వెనక వెండి నాణెం పెట్టి రెండింటినీ కలిపితే పుల్లటి రుచి తగిలింది. ఇందులో కప్ప లేదు. కరెంటు పుట్టేది రెండు వేరు లోహాల దగ్గర, కప్ప కాలు దాన్ని పసిగట్టే సూది మాత్రమే అన్నాడు. అప్పట్లో తన దగ్గరున్న ఏ మీటరుకన్నా ఆ కాలే సున్నితమైనదని ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకున్నాడు గానీ జీతం ఇవ్వలేదు.

ఇక కప్పల తక్కెడ మొదలైంది. 1794లో పేరు లేని పుస్తకం ఒకటి వచ్చింది. లోహమే లేకుండా, కోసిన నరాన్ని నేరుగా కండకు తాకించినా కాలు తన్నిందని అందులో ఉంది. దాని వెనక ఉన్నది గాల్వానీ పక్షమే. వోల్టా తగ్గలేదు, నరమూ కండా కూడా రెండు వేరు పదార్థాలే కదా అన్నాడు. నిజానికి నరాల్లో సొంత కరెంటు ఉంది, అక్కడ గాల్వానీ మాటే నెగ్గింది. కానీ అది తేలే లోపే, కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనని ఉద్యోగం పోగొట్టుకుని 1798లో కన్నుమూశాడు.

అసలు కథ ఇక్కడుంది. కప్ప లేకుండానే కరెంటు వస్తుందని నిరూపించాలంటే వోల్టాకు జోరు పెంచాలి. వెండి, జింకు, వెండి, జింకు అంటూ ఎన్ని బిళ్లలు పేర్చినా ఒక్క జత బలమే తప్ప పెరగదు. జతకూ జతకూ మధ్య తడిది ఏదో ఉండాలి. ఇన్నాళ్లూ ఆ తడి పని చేసింది ఎవరు? కప్పే. ఆ స్థానంలో ఉప్పునీళ్లలో నానబెట్టిన అట్టముక్క పెట్టాడు. వెండి, జింకు, తడి అట్ట, మళ్లీ వెండి, జింకు, తడి అట్ట. దొంతర పెరిగే కొద్దీ దెబ్బా పెరిగింది. రెండు కొసలూ తడి చేతులతో పట్టుకుంటే ఝల్లుమంది. 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. ఇటలీలో సెల్‌ను ఇప్పటికీ ‘పీలా’ అంటారు, అంటే దొంతరే.

ఆ ఉత్తరంలో తన యంత్రానికి వోల్టా పెట్టిన పేరు కృత్రిమ విద్యుదవయవం. షాకిచ్చే టార్పెడో చేపను పోలి ఉందట! అన్నేళ్లు చాకిరీ చేసిన కప్పను పక్కన పెట్టి, బల్లెక్కని చేపకు సన్మానం. ఆఫీసుల్లో ప్రమోషన్లు ఎలా వస్తాయో తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

కప్పకు ఇంకో అవమానమూ ఉంది. లోహాలు తాకడమే కరెంటుకు మూలమని, తడి అట్ట వట్టి దారి మాత్రమేనని వోల్టా చివరిదాకా నమ్మాడు. నిజం వేరు. జింకు ఆ తడిలోకి కరుగుతుంటేనే కరెంటు పుడుతుంది. అంటే కప్ప కూర్చున్న కుర్చీయే అసలైన కుర్చీ.

ఈ సంగతి రుజువు చేద్దామని ఒక ఆదివారం వంటగట్టు మీద నేనూ దొంతర కట్టాను. జింకు పూత ఉన్న జీఐ వాషర్లు పది, వాటి సైజుకు కత్తిరించిన రాగిరేకు బిళ్లలు పది, పెళ్లి శుభలేఖల అట్టముక్కలు, ఉప్పునీళ్లు. ఒక్కో జతకు ముప్పాతిక వోల్టు దాకా రావాలి, పదికి ఏడు దాటాలి. మీటరు మూడు చూపించింది. జతల్ని విడివిడిగా కొలుస్తూ పైకి వెళ్తే ఒకచోట మైనస్ వచ్చింది. రాగి, వాషరు తలకిందులుగా పెట్టాను. ఒక్కటి తిరగబడితే దానిదీ పోతుంది, పక్కదాన్నీ తినేస్తుంది. సరిచేశాక కూడా ఐదు దాటలేదు. అట్టల్ని నీళ్లు కారేలా నానబెట్టడం వల్ల పై బరువుకు ఉప్పునీళ్లు పిండుకుపోయి దొంతర పక్కనుంచి ధారగా దిగుతున్నాయి. కరెంటు లోపలి నుంచి కాకుండా ఆ ధారలోంచే జారిపోతోంది. వోల్టా దొంతరకూ ఇదే జబ్బు. బిళ్లల్ని తొట్టిలో పక్కకు పడుకోబెట్టి ఆ తలనొప్పి వదిలించినవాడు ఇంగ్లండులో క్రుక్‌షాంక్.

అట్టల్ని పిండి, అంచులు తుడిచి మళ్లీ పేర్చాను. ఎర్ర ఎల్ఈడీ వెలిగింది. ఇంట్లోవాళ్లను పిలిచేలోగా మసకబారింది. రాగి మీద గాలిబుడగలు పట్టాయి, వాషర్ల మీద తెల్లటి పొర. మా ఆవిడ వచ్చి గట్టు మీది మడుగు చూసి, ‘‘ఇది వెలగడానికా, తుడవడానికా?’’ అని గుడ్డ నా చేతిలో పెట్టింది. తుడుస్తుంటే బయట కాలువలో వాళ్లు బెకబెకమంటున్నారు. బాకీ గురించే అయి ఉంటుంది.