రూపాయి మిత్తి అని ఇచ్చే లోనుకు అసలు పడే మిత్తి ఎంత?

వరంగల్, కరీంనగర్ వైపు మిత్తి మాట వస్తే శాతాలు ఎవరూ అడగరు. నూటికి నెలకు ఎన్ని రూపాయలు అనే అడుగుతారు. రూపాయి మిత్తి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలు అంటే 24 శాతం. ఈ లెక్క అందరికీ నోటికి వచ్చు. పర్సనల్ లోన్లు అమ్మే ఏజెంట్లకు కూడా ఆ సంగతి బాగా తెలుసు. అందుకే హన్మకొండలో దుకాణం దుకాణం తిరిగే ఏజెంటు మొదట చెప్పే మాట, "అన్నా, రూపాయి మిత్తే, ఫ్లాట్."

ఆ మాట విన్నవాళ్లు ఊళ్లో నోటు రాసి తెచ్చుకునే అప్పుతో పోల్చుకుంటారు. నా అభ్యంతరం అక్కడే. తెలిసినాయన దగ్గర రూపాయి మిత్తికి లక్ష తెచ్చుకున్నామనుకోండి. నెలకు వెయ్యి మిత్తి కడతాం, రెండేళ్ల తర్వాత లక్ష తిరిగి ఇస్తాం. మొత్తం మిత్తి 24,000. ఆ 24 నెలలూ లక్షకు లక్ష మన దగ్గరే ఉంది కాబట్టి అది నిజంగానే రూపాయి మిత్తి.

ఫ్లాట్ లోనులోనూ మిత్తి 24,000 రూపాయలే. కానీ లక్షకు ఆ 24,000 కలిపి 24 నెలలకు పంచుతారు. నెలకు 5,167 రూపాయల ఈఎంఐ. అంటే మిత్తితో పాటు అసలులో కొంత కూడా మొదటి నెల నుంచే వెనక్కి పోతుంది. సగం వాయిదాలు కట్టేసరికి మన దగ్గర మిగిలేది ఆ లక్షలో సగానికి కొంచెం ఎక్కువ. అయినా మిత్తి మాత్రం చివరి నెల దాకా లక్ష మీదే పడుతుంది. ఆఖరి వాయిదా చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అసలును 24 నెలలకు సమానంగా పంచితే చివరి నెలలో మన దగ్గర ఉన్నది 4,167 రూపాయలు. దాని మీద ఆ ఒక్క నెలకు వెయ్యి రూపాయల మిత్తి!

రెడ్యూసింగ్ బ్యాలెన్స్ పద్ధతిలో ఏ నెలకు ఆ నెల, ఇంకా బాకీ ఉన్న అసలు మీదే మిత్తి లెక్కగడతారు. అదే లక్షకు అదే 12 శాతం ఈ పద్ధతిలో వేస్తే ఈఎంఐ 4,707 అవుతుంది, రెండేళ్లకు మిత్తి సుమారు 12,976. ఫ్లాట్‌లో కట్టే దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

ఇప్పుడు తిప్పి అడుగుదాం. చేతికి లక్ష ఇచ్చి, 24 నెలలు 5,167 చొప్పున కట్టించుకుంటే, తగ్గే బాకీ మీద నెలకు ఎంత మిత్తి పడ్డట్టు? దాదాపు 1.8 శాతం. మన భాషలో రూపాయి ఎనభై పైసలు. ఏడాదికి 21.58 శాతం. గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఈ ఒక్క లైను టైప్ చేస్తే ఎవరికైనా ఇదే వస్తుంది:

```
=RATE(24,-5167,100000)*12
```

మొదటి అంకె నెలలు, రెండోది ఈఎంఐ, మూడోది చేతికి వచ్చిన డబ్బు. ఆ మూడో అంకె దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. లోను లక్షే, కానీ అకౌంట్లో పడేది లక్ష కాదు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 2,360. ఇన్సూరెన్స్ పేరుతో ఇంకో 1,500 పట్టుకున్నారనుకుందాం. చేతికి వచ్చేది 96,140. ఈఎంఐ మాత్రం తగ్గదు. మూడో అంకె మార్చి చూస్తే ఏడాదికి 25.7 శాతం వస్తుంది. రూపాయి మిత్తి అని తీసుకున్న లోను రెండు రూపాయలు దాటిపోయింది.

ఒక చిన్న ప్రైవేటు స్కూల్ టీచరు చెల్లెలి పెళ్లికి లక్ష లోను చూస్తున్నాడనుకుందాం. బ్యాంకు 16 శాతం అంది, రెడ్యూసింగ్. ఫైనాన్స్ కంపెనీ 12 శాతం అంది, ఫ్లాట్. 16 కంటే 12 తక్కువే కదా అని రెండోది తీసుకుంటాడు. బ్యాంకు ఈఎంఐ 4,896 అయ్యేది, ఇక్కడ 5,167. నెలకు 271 తేడా, రెండేళ్లకు 6,500 రూపాయలు. ఫీజులు ఇంకా కలపలేదు. రేటు వదిలేసి రెండు ఈఎంఐలు పక్కపక్కన పెట్టి చూసినా ఆ పొరపాటు జరిగేది కాదు. కాకపోతే రెండు చోట్లా లోను మొత్తం, నెలలు ఒకటే ఉండాలి. 24 నెలల ఈఎంఐని 36 నెలల ఈఎంఐతో పోలిస్తే మళ్లీ మోసపోతాం.

ఫ్లాట్ అన్న ప్రతి లోనూ ఖరీదైనదని నేను అనడం లేదు. 24 నెలలకు 7 శాతం ఫ్లాట్ అంటే రెడ్యూసింగ్‌లో దాదాపు 13 శాతం. 14 శాతం రెడ్యూసింగ్ కంటే అది చవక. అయితే ఫ్లాట్ అంకెను రెడ్యూసింగ్ అంకె పక్కన పెట్టి తక్కువ అని చూపించడం మాత్రం తప్పే. కంపెనీకి అసలు రేటు తెలియక అలా చెప్తోందని కూడా అనుకోలేం. మన 12 శాతం ఫ్లాట్ లోనుకు వాళ్లిచ్చే రీపేమెంట్ షెడ్యూల్ మామూలుగా తగ్గే బాకీ మీదే ఉంటుంది. మొదటి ఈఎంఐలో మిత్తి 1,798, అసలు 3,369 అని కనిపిస్తుంది. ఆఖరి ఈఎంఐలో మిత్తి 91 రూపాయలే. అంటే కంపెనీ పుస్తకాల్లో రాసుకున్న రేటు 21.58. 12 అన్నది లోను అమ్మడానికి చెప్పిన అంకె.

రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ లోన్లకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అది లోను తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. మిత్తి, ఫీజులు, ఇన్సూరెన్స్ లాంటి ఖర్చులు అన్నీ కలిపి ఏడాదికి పడే రేటు అది. మన ఉదాహరణలో అక్కడ 25.7 కనిపించాలి. ఈ కాగితం సంతకం పెట్టిన తర్వాత ఫైల్లో పెట్టుకోవడానికి కాదు, సంతకానికి ముందు అడిగి చదవడానికి. అడిగితే "అదంతా ఫార్మాలిటీ" అనే ఏజెంటు దగ్గర సంతకం పెట్టకండి. లైసెన్సు లేకుండా వాడల్లో నడిచే గిరిగిరి అప్పులకు ఇలాంటి కాగితం ఏదీ రాదు, అక్కడ మన లెక్కే మనకు దిక్కు.

ఏపీఆర్ చూడకుండా తీసుకున్నవాళ్లకు ఈ తేడా చాలాసార్లు ముందే మూసేద్దామని వెళ్లిన రోజు తెలుస్తుంది. ఏడాది కట్టాం, సగం అయిపోయింది, ఇంక 50,000 ఇస్తే చాలనుకుని వెళ్తారు. కంపెనీ 55,300 చెప్తుంది. మొత్తం 24,000 మిత్తిలో ఎక్కువ భాగం, దాదాపు 17,300, మొదటి ఏడాది కట్టిన 62,000లోనే పోయింది కాబట్టి ఆ అంకె షెడ్యూల్ ప్రకారం సరైనదే. దాని మీద ప్రీక్లోజర్ ఛార్జీ వేరే ఉండొచ్చు. మిగిలిన 12 ఈఎంఐలూ కలిపి 62,000 కట్టమంటే మాత్రం ఒప్పుకోకండి. అందులో మనం ఇంకా వాడని ఏడాదికి మిత్తి కూడా కలిసి ఉంది. షెడ్యూల్‌లో పన్నెండో ఈఎంఐ ఎదురుగా మిగిలిన అసలు ఎంత రాసి ఉందో చూపించి, ప్రీక్లోజర్ లెక్క రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. కంపెనీకి ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ షెడ్యూల్ కాపీని దానికి జతచేయండి.