షుగర్ తగ్గుతుందని రాయకుండానే చోడి మాల్ట్ అమ్మొచ్చు

“ఆన్‌లైన్‌లో సరుకు కదలాలంటే ‘షుగర్ తగ్గుతుంది’ అని రాయాల్సిందే. కింద ‘ఇది మందు కాదు’ అని పెడితే కేసు ఉండదు. పదార్థాల్లో బాదం ముందు రాయండి. లైసెన్స్ నంబర్ ఉంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. మన సంఘాలన్నిటికీ పంపండి.”

రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా చోడి మాల్ట్ చేసే ప్రతి గ్రూపులోకీ ఈ మెసేజ్ వచ్చి పడుతోంది. పంపేవాళ్లు నాకు కావలసినవాళ్లే, అందుకే ఇంకా కోపం.

లైసెన్స్ నంబర్ మీ వ్యాపారానికి ఇచ్చినది, మీరు రాసే మాటలకు కాదు. అంతే.

బాదం సంగతి. తయారీలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రావాలి. 100 గ్రాముల్లో చోడి పిండి 55, బెల్లం పొడి 35, బాదం 10 అయితే అదే వరుస. పేరులోనే ‘బాదం మాల్ట్’ అని పెట్టుకుంటే బాదం 10 శాతం అని కూడా వేయాలి. బాదం పడనివాళ్లు ఉంటారు కాబట్టి ‘బాదం ఉంది’ అని విడిగా చెప్పాలి.

ఇక షుగర్. అదే మాల్ట్ 30 గ్రాములు పాలల్లో కలిపితే అందులో 10 గ్రాముల పైనే బెల్లం ఉంది. మీ మాట నమ్మి ఒక పెద్దాయన మాత్ర మానేసి పొద్దున్నే ఇది తాగితే ఏమవుతుందో మీకు తెలియదా? తెలిసీ ఎలా ఫార్వర్డ్ చేస్తున్నారు? ఆహారం జబ్బును నయం చేస్తుందనీ, రాకుండా ఆపుతుందనీ చెప్పడాన్ని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలే కుదరదన్నాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు జరిమానా 10 లక్షల దాకా ఉంది. పైన ‘తగ్గుతుంది’ అని పెద్దక్షరాల్లో రాసి, కింద చిన్న అక్షరాల్లో ‘మందు కాదు’ అంటే పై మాట చెరిగిపోదు. ప్యాకెట్ ఫొటో మీద ఉన్నా, కొన్నవాళ్ల మెసేజ్‌ను తెచ్చి మీ పేజీలో అతికించినా అది మీ మాటే.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ‘స్వచ్ఛమైన, ఆరోగ్యకరమైన మాల్ట్’ అని చప్పగా రాస్తే ఎవరూ కొనరు, ఆ మెసేజ్ రాసినవాళ్ల బాధ నిజమే. అయితే చెప్పుకోడానికి నిజాలున్నాయి. చోడిలో కాల్షియం 100 గ్రాములకు సుమారు 360 మిల్లీగ్రాములు. బెల్లం, బాదం కలిశాక పై మాల్ట్‌లో లెక్క 260 దగ్గరికి దిగుతుంది. ‘కాల్షియం పుష్కలం’ అనాలంటే రోజుకు కావలసిన 1000లో 30 శాతం, అంటే 300 ఉండాలి, కాబట్టి అనకూడదు. ‘కాల్షియం లభిస్తుంది’ అనడానికి 150 చాలు. అదీ మీ తయారైన పొడికి ల్యాబ్ రిపోర్ట్ తెచ్చుకున్నాకే.

నేనైతే ఇలా రాస్తాను: “చోళ్లు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించిన పొడి. చోడి 55%, బెల్లం 35%, బాదం 10%. బెల్లం ఉంది, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి తీసుకోండి. 30 గ్రాములు చల్లటి నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే పాలల్లో పోసి, సన్నసెగ మీద 5 నిమిషాలు తిప్పండి.”